ఈద్ నాడు వచ్చిన గడువు: చిన్న వ్యాపారికి తారీఖు గుర్తుచేయడం ఎలా

మా ఆఫీసు పని లెక్కలు రాయడం. కర్నూలులో, కడపలో చిన్న అంగళ్ల వాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేస్తాం, ఆదాయపు పన్ను ఫారాలు నింపుతాం. దీనికి తోడు ఎవరూ బిల్లు కట్టని పని ఇంకొకటి ఉంది: గడువు తేదీలు గుర్తుచేయడం. ప్రతి నెలా రెండు మూడుసార్లు మా వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెడతాం. ఈ సంచిక చదివే దాతల్లో చాలామందికి ఆ పోస్టులు వెళ్లే ఉంటాయి. చూడకుండా పైకి జరిపేసినవాళ్లూ ఉండే ఉంటారు. అందులో వాళ్ల తప్పు తక్కువే. ఒక ఏడాది మేమే ఆ పోస్టు సరిగా రాయలేదు, దానివల్ల ఒక మనిషి నష్టపోయాడు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

2025 మార్చి గుర్తుంది కదా. 30వ తేదీ ఆదివారం ఉగాది, 31 సోమవారం ఈద్. రంజాన్ నెలంతా అంగళ్లు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం సరిగ్గా ఈద్ నాటితోనే ముగిసింది. పండుగ పూట ఎవరు లెక్కలు చూస్తారు? కానీ ఆ రోజుతో ఒక ముఖ్యమైన గడువు ముగిసింది. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్న చిన్న వ్యాపారి ఏప్రిల్ 1 నుంచి కాంపోజిషన్ పద్ధతిలోకి మారాలనుకుంటే సీఎంపీ-02 అనే దరఖాస్తును మార్చి 31 లోపల పోర్టల్‌లో వేయాలి.

కాంపోజిషన్ అంటే తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. రెగ్యులర్‌లో ఉన్న వ్యాపారి అమ్మిన సరుకు మీద పన్ను వసూలు చేసి, కొన్నప్పుడు కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకుని, మిగిలింది ప్రభుత్వానికి కడతాడు. కాంపోజిషన్‌లో ఈ తీసివేతలు ఉండవు. సరుకులు కొని అమ్మే వ్యాపారి తన పన్ను పడే అమ్మకం మొత్తం మీద నూటికి ఒక రూపాయి కడతాడు, అంతే. బిల్లు మీద గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్నదాని మీద పన్ను తిరిగి రాదు. అంతకు ముందు ఏడాది అమ్మకం కోటిన్నర దాటనివాళ్లకే ఈ పద్ధతి.

ఇక కడపలో బ్యాగులు, సూట్‌కేసులు అమ్మే ఒక అంగడి సంగతి చెబుతాం. ఎవరిదో గుర్తుపట్టకుండా అంకెలు కొంచెం సర్దాం, లెక్క తీరు మాత్రం అదే. ఏడాదికి గల్లాలో పడేది 35,40,000 రూపాయలు. బ్యాగుల మీద 18 శాతం జీఎస్టీ. అంటే అందులో సరుకు విలువ 30,00,000, పన్ను 5,40,000. ఆయన కొన్న సరుకు విలువ 24,00,000, దాని మీద కట్టిన పన్ను 4,32,000. రెండింటి తేడా 1,08,000. రెగ్యులర్‌లో ఉంటే ఏడాదికి ఇంత కట్టాలి. కాంపోజిషన్‌లో అయితే 35,40,000 మీద ఒక శాతం, అంటే 35,400. అద్దె, కరెంటు లాంటి చిల్లర లెక్కలు పక్కన పెడితే ఏడాదికి 72,600 రూపాయల తేడా. గిరాకీ అంతా ఇంటి వాడకానికి కొనేవాళ్లే కాబట్టి జీఎస్టీ బిల్లు కావాలని ఎవరూ అడగరు. ఈయనకు కాంపోజిషన్ మేలు.

ఈ మేలు అందరికీ వర్తించదు. 5 శాతం పన్ను ఉన్న సరుకును నూరుకు కొని నూట ఇరవై అయిదుకు అమ్మేవాళ్లకు లెక్క వేస్తే రెండు పద్ధతులూ దాదాపు సమానంగా వస్తాయి. పన్ను రేటు ఎక్కువగా ఉన్న సరుకులో, లేదా మార్జిన్ బాగా ఉన్న సరుకులో తేడా కనబడుతుంది. అంగడిలో కొనే మేస్త్రీలు, కాంట్రాక్టర్లు పన్ను బిల్లు అడుగుతారంటే కాంపోజిషన్‌లోకి పోతే వాళ్లు వేరే అంగడి చూసుకుంటారు. కర్నూలు వాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. తుంగభద్ర దాటితే అలంపూర్, గద్వాల. అది తెలంగాణ. ఇవతలి నుంచి ఆటోలో సరుకు వేసి అవతలి అంగడికి పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మిన లెక్క. కాంపోజిషన్‌లో ఉన్నవాడు అలా అమ్మకూడదు. ఆదోని నుంచి బళ్లారికో రాయచూరుకో పంపినా అంతే. గిరాకీ మనిషి కొట్టుకొచ్చి ఇంటి వాడకానికి కొని చేతిసంచిలో వేసుకుపోతే మాత్రం పేచీ లేదు.

సరే, కడప అంగడికి వద్దాం. ఆ ఏడాది మార్చి 20న గ్రూపులో మేము ఒక పోస్టు పెట్టాం. ఆకుపచ్చ రంగు మీద పెద్ద అక్షరాలతో 'మార్చి నెల ముఖ్య తేదీలు' అని శీర్షిక. కింద ఏడు తేదీలు, ఏడు ఫారాల పేర్లు. ఏడోది సీఎంపీ-02, మార్చి 31. చూడటానికి బాగానే ఉంది, ఒకరిద్దరు చేయి జోడించిన బొమ్మ కూడా పెట్టారు. ఆ బ్యాగుల అంగడాయనతో అంతకు ముందు జనవరిలోనే కాంపోజిషన్ గురించి మాట్లాడి ఉన్నాం, మారదామని ఆయన అన్నాడు కూడా. ఏప్రిల్ 3న, పండుగ హడావుడి తగ్గాక, ఆయన మా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"మూడు దినాలు లేటైంది సార్. ఫైను ఎంతైతాదో చెప్పండి, కట్టేస్తా" అన్నాడు.

ఫైను లేదని చెప్పాల్సి వచ్చింది. ఫైను లేదంటే ఆయన ముఖం మొదట వెలిగింది. అందుకే కట్టి చేయించుకునే దారి కూడా లేదని, ఇంక 2026 ఏప్రిల్ దాకా రెగ్యులర్‌లోనే ఉండాలని తర్వాతి మాటగా చెప్పినప్పుడు ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. డెబ్బై రెండు వేల ఆరు వందలు ఆయనకు ఇంటి పైఅంతస్తు అద్దె ఏడాదికి వచ్చేదానికంటే ఎక్కువ.

తర్వాత మేము ఆ పోస్టును ముందు పెట్టుకుని చూశాం. అందులో తేదీలన్నీ సరైనవే. లోపం ఏమిటంటే ఏడు తేదీలనూ ఒకే తీరుగా రాశాం. నిజానికి గడువుల్లో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి ఆలస్యమైతే డబ్బు తీసుకునే గడువు. నెలవారీ జీఎస్టీఆర్-3బి లాంటిది ఇది. దాటితే రోజుకు 50 రూపాయలు, అమ్మకం లేని రిటర్ను అయితే రోజుకు 20, బాకీ పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. కట్టి ముందుకు పోవచ్చు. మన వ్యాపారులకు ఏళ్ల తరబడి అలవాటైన గడువు ఇదే. అందుకే 'చివరి తేదీ' అనే మాట వినగానే 'ఆ తర్వాత ఫైను' అని వాళ్ల చెవికి వినబడుతుంది. రెండో జాతి తలుపు మూసే గడువు. దాటితే డబ్బుతో తెరుచుకోదు. సీఎంపీ-02 ఆ జాతి. ఒక ఏడాది కొనుగోళ్ల మీద పన్ను క్రెడిట్ మరిచిపోతే తర్వాతి ఏడాది నవంబరు 30 వరకే తీసుకోవచ్చు అనేది కూడా ఆ జాతే. ఈ రెండింటినీ ఒకే రంగు డబ్బాలో, ఒకే సైజు అక్షరంలో పెడితే చదివినవాడు తనకు తెలిసిన అర్థమే తీసుకుంటాడు. అందుకే ఇప్పుడు మా పోస్టుల్లో తేదీ కంటే ముందు వచ్చే వాక్యం 'దాటితే ఏమవుతుంది' అన్నది.

రెండో లోపం మాకు తర్వాత తెలిసింది. ఒకవేళ ఆయన మార్చి 31 సాయంత్రమే వచ్చి ఉన్నా పని అయ్యేది కాదు. దరఖాస్తు చివరన సంతకం బదులు ఓటీపీ వేయాలి. అది రిజిస్ట్రేషన్‌లో అధీకృత సంతకదారుగా ఉన్న మనిషి ఫోనుకు, ఈమెయిల్‌కు వస్తుంది. ఆయన రిజిస్ట్రేషన్ 2017లో జరిగినప్పుడు ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్నది పెద్దకొడుక్కు ఒక్కడికే. నెంబరు అతనిది ఇచ్చారు. ఆ కొడుకు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు, ఇక్కడి సిమ్ ఎప్పుడో మూలపడింది. ఈమెయిల్ తెరిచింది ఎవరో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఎవరికీ గుర్తులేదు. కడపలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. మా దగ్గర ఫైళ్లు తిరగేస్తే గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు నెంబరో అల్లుడి నెంబరో ఉన్న రిజిస్ట్రేషన్లు చాలానే దొరికాయి. నెంబరు మార్చుకోవచ్చు, కానీ మార్చడానికీ సమయం పడుతుంది, పాత లాగిన్ వివరాలూ కావాలి. అది పండుగ రాత్రి కూర్చుని చేసే పని కాదు. అందుకని ఇప్పుడు ప్రభుత్వం తేదీతో పాటు మా తేదీ ఒకటి వేస్తున్నాం. గడువు మార్చి 31 అయితే మా దగ్గరికి రావలసింది మార్చి 10. కొంతమంది దీన్ని మా సౌకర్యం కోసం పెట్టుకున్న తేదీ అనుకుంటారు. కొంత నిజమే, కానీ మధ్యలోని ఆ ఇరవై రోజులు ఇలాంటి సిమ్‌ల కోసమే.

ఇప్పుడు మేము పంపే పోస్టు ఇలా ఉంటుంది:

"రెగ్యులర్ జీఎస్టీలో ఉండి ఏప్రిల్ నుంచి ఒక శాతం కాంపోజిషన్‌లోకి మారదామనుకునే వాళ్లకు మాత్రమే ఈ మెసేజ్. ఇప్పటికే కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు మళ్లీ వేయనక్కర్లేదు. మార్చి 31 దాటితే ఫైను కట్టి చేయించుకునే వీలు లేదు, ఏడాది ఆగాల్సిందే. మా ఆఫీసుకు మార్చి 10 లోపల రండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న నెంబరు సిమ్ పనిచేసే ఫోను వెంట తెండి. ఆ నెంబరు ఎవరిదో తెలియకపోతే ఈరోజే ఫోన్ చేయండి."

పోస్టు ఒకటి, తేదీ ఒకటి. ఏడు తేదీల పట్టిక మానేశాం. మొదటి వాక్యంలోనే ఇది ఎవరికి, ఎవరికి కాదు అని ఉంటుంది. తనది కాని మెసేజ్‌ను దాటేసే హక్కు వ్యాపారికి ఇస్తే, తనది వచ్చినప్పుడు ఆగి చదువుతాడు. దీని వెంటనే ఇదే మాటలతో నిమిషం లోపు వాయిస్ మెసేజ్ తెలుగులో ఒకటి, మన ఇళ్లలో మాట్లాడే ఉర్దూలో ఒకటి పంపుతాం. అంగడి చూసుకునే పెద్దవాళ్లలో అక్షరం చదవడం కంటే వినడం సులువైనవాళ్లు ఎక్కువ. 'చదివాను' అనేవాళ్ల కంటే 'విన్నాను' అని ఫోన్ చేసేవాళ్లు మాకు ఇప్పుడు ఎక్కువ అయ్యారు. పంపే వేళ కూడా చూసుకుంటున్నాం. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు గంటలో ఎవరూ ఫోను చూడరు, తరావీహ్ తర్వాత అంగడి నిండా గిరాకీ. పగలు పదకొండు గంటల వేళ, బేరం పలుచగా ఉన్నప్పుడు పంపితే కొంత మేలు. అసలు మొదటి మెసేజ్ రంజాన్ మొదలయ్యే ముందే పోవాలి.

దరఖాస్తు వేసేశాక ఇంకొక గడువు ఉంది. రెగ్యులర్ నుంచి మారేవాళ్లకు దాన్ని చాలామంది అసలు చెప్పరు. పోర్టల్‌లో Application to Opt for Composition Levy నింపగానే పని అయిపోయిందనుకుంటారు. మార్చి 31 సాయంత్రం అంగడిలో మిగిలి ఉన్న సరుకు మీద అప్పటికే తీసుకున్న పన్ను క్రెడిట్‌ను తిరిగి ఇవ్వాలి. దాని ఫారం ఐటీసీ-03. సంవత్సరం మొదలైన 60 రోజుల్లోగా, అంటే మే 30 లోపల వేయాలి. మన బ్యాగుల అంగడిలో మామూలు రోజుల్లో ఆరు లక్షల సరుకు ఉంటుంది. దాని మీద 18 శాతం అంటే 1,08,000. ఈద్ బేరం అయిన సాయంత్రం మిగిలిన సరుకు రెండున్నర లక్షలు. దాని మీద 45,000. క్రెడిట్ లెడ్జరులో నిల్వ ఉంటే దానితో కట్టవచ్చు, లేకపోతే నగదు కట్టాలి. కట్టాక క్రెడిట్ ఇంకా మిగిలితే అది పోయినట్టే.

ఇక్కడ ఒక పొరపాటు ఆలోచన చాలామందికి వస్తుంది. సరుకు తక్కువ ఉన్న రోజున మారితే అరవై మూడు వేలు పన్ను మిగిలిందని. మిగలలేదు. ఏప్రిల్‌లో అంగడి నింపడానికి కొనే కొత్త సరుకు మీద పన్ను కడతారు, అది తిరిగి రాదు. రెండూ ఒకటే. తేడా ఎక్కడంటే, ఒకేసారి చేతి నుంచి నగదు తీసి కట్టే మొత్తం తగ్గుతుంది, వెతకాల్సిన కొనుగోలు బిల్లులూ తగ్గుతాయి. బిల్లు దొరకని సరుకుకు మార్కెట్ ధర మీద లెక్క కట్టి చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్ పెట్టాలి. కాబట్టి సరుకు పలుచగా ఉన్నప్పుడు ఈ పని సులువు, అంతకు మించి లాభం లేదు.

సరుకు లెక్కించడం మన వ్యాపారులకు కొత్త కూడా కాదు. రంజాన్‌లో జకాత్ కోసం అంగడిలో సరుకు లెక్కించేవాళ్లు మన గ్రూపులోనే చాలామంది ఉన్నారు. ఆ పుస్తకమే ఐటీసీ-03కు సగం పని చేసిపెడుతుంది. సంఖ్యలు అదే పుస్తకం నుంచి తీసుకోవచ్చు, మధ్యలో అమ్మినవి తీసేసి, వచ్చినవి కలుపుకుంటే సరి. ధర మాత్రం వేరు. జకాత్‌కు సరుకు ఆ రోజున ఎంత పలుకుతుందో చూస్తారు, దాని వివరం ఆలిమ్‌ల దగ్గరే అడగాలి. పన్ను ఫారానికి కావలసింది కొన్న బిల్లు, దాని మీద కట్టిన పన్ను. అందుకని లెక్కించేటప్పుడే ప్రతి రకం పక్కన కొన్న బిల్లు నెంబరు కూడా రాసి పెట్టుకోమని చెబుతున్నాం. మొదటి ఏడాది ఎవరూ రాయలేదు. ఈసారి కొందరు రాశారు.

మారినవాళ్లకు తర్వాత వచ్చే తేదీలు తక్కువే. మూడు నెలలకోసారి సీఎంపీ-08 అనే ఫారంతో పన్ను కట్టాలి: జులై, అక్టోబరు, జనవరి, ఏప్రిల్ నెలల్లో 18వ తేదీ. ఏడాదికి ఒకటి జీఎస్టీఆర్-4. సీఎంపీ-08 విషయంలో ఒక మాట ఊరంతా తిరుగుతుంది, దానికి ఆలస్య రుసుము లేదని. ఆ మాట నిజం. వడ్డీ మాత్రమే పడుతుంది, మన ఉదాహరణలో మూడు నెలల పన్ను సుమారు 8,850 మీద నెలకు 130 రూపాయల చిల్లర. దాంతో ధీమాగా నాలుగూ వదిలేస్తారు. ఏడాది చివర జీఎస్టీఆర్-4 తెరిస్తే, ముందు సీఎంపీ-08లన్నీ వేసి రమ్మని పోర్టల్ ఆపేస్తుంది. జీఎస్టీఆర్-4కు మాత్రం రోజుకు 50 రూపాయలు, రెండు వేల వరకు రుసుము ఉంది.

పాత పోస్టులు మళ్లీ తిరగడం ఇంకొక బెడద. జీఎస్టీఆర్-4 గడువు మునుపు ఏప్రిల్ 30. 2024 జులై 10 నాటి నోటిఫికేషన్ 12/2024తో దాన్ని 2024-25 సంవత్సరం నుంచి జూన్ 30కి మార్చారు. అయినా 2025 ఏప్రిల్‌లో పాత తేదీ ఉన్న బొమ్మలు గ్రూపుల్లో తిరిగాయి, కొందరు పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందుగా వేస్తే నష్టం లేదు కాబట్టి ఆ గోల నవ్వుకునేదిగానే పోయింది. దీనికి తిరగబడ్డది ప్రమాదం. 2025 జనవరిలో పోర్టల్ మొరాయించడంతో నెలవారీ జీఎస్టీఆర్-1 గడువును 11 నుంచి 13కు, జీఎస్టీఆర్-3బి గడువును 20 నుంచి 22కు పొడిగించారు. 'జీఎస్టీ తేదీలు పొడిగించారు' అని ఒక్క ముక్కలో మెసేజ్ తిరిగింది. కాంపోజిషన్ వాళ్లు అది తమకూ అనుకున్నారు. ఆ పొడిగింపులో సీఎంపీ-08 లేదు, 18 అంటే 18. అప్పటి నుంచి పొడిగింపు గురించి రాసేటప్పుడు నోటిఫికేషన్ నెంబరు, ఏ ఫారం, ఏ నెలకు అనే మూడూ లేకుండా మేము పోస్టు పెట్టం. ఈ మూడూ లేని ఫార్వర్డ్ ఎవరిదైనా, మా పేరు పెట్టి తిరిగినా సరే, లెక్కచేయవద్దు.

2026లో ఈద్ మార్చి మూడో వారం చివర్న రావచ్చు, నెలవంకను బట్టి. గడువుకు ఈసారి పండుగ తర్వాత పది రోజుల వ్యవధి ఉంటుంది. అయినా మా తేదీ మార్చి 10 అనే ఉంచాం. కడప బ్యాగుల అంగడాయన ఫిబ్రవరిలోనే వస్తానన్నాడు. పోయిన నెలలో ఆఫీసుకొచ్చి కొడుకు నెంబరు తీయించి తన నెంబరు పెట్టించుకుని పోయాడు.